ఇక్కడ కట్ అయింది, అక్కడ చేరలేదు

2025 సెప్టెంబరు 12, శుక్రవారం. రాత్రి 7 గంటల 42 నిమిషాలకు ఖమ్మంలో ఉండే మా అక్క తన ఫోన్ నుంచి 18,500 రూపాయలు పంపింది. హైదరాబాద్‌లో కొడుకు ఉంటున్న హాస్టల్ యజమానికి, ఆయన ఫోన్ నంబరుకే పంపింది. పిన్ కొట్టిన వెంటనే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, ఖాతాలోంచి డబ్బు తీసినట్టు. యాప్‌లో మాత్రం పచ్చ టిక్కు రాలేదు. పసుపు రంగు గడియారం బొమ్మ, దాని పక్కన ‘ప్రాసెసింగ్’ అన్న మాట. పది నిమిషాలైనా అదే.

హాస్టల్ యజమానికి ఫోన్ చేస్తే, ‘నాకేమీ రాలేదమ్మా, ఒకసారి మళ్లీ కొట్టండి, అది ఎలాగూ వెనక్కి వచ్చేస్తుంది’ అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. అక్క మళ్లీ పంపబోతూ ఎందుకో నాకు ఫోన్ చేసింది. ‘ఒరే తమ్ముడూ, డబ్బు కట్ అయింది, అక్కడ చేరలేదు, ఇంకోసారి పంపనా?’ అంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, ఆ తర్వాత పన్నెండు రోజులు ఏం జరిగిందో వివరంగా చెబుతాను. ఇలాంటి పరిస్థితి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకసారైనా వచ్చి ఉంటుంది. అలాంటప్పుడు ఏం అడగాలో తెలియక చాలామంది, ‘వస్తే వస్తుంది’ అని దేవుడి మీద భారం వేసి ఊరుకుంటారు. ఊరుకోవాల్సిన పనిలేదు. ఈ విషయంలో రిజర్వ్ బ్యాంక్ రాసిపెట్టిన నిబంధన ఉంది, అందులో తేదీలు ఉన్నాయి, ఆలస్యానికి రోజుకింతని పరిహారమూ ఉంది.

ముందు ఆ డబ్బు ఎక్కడ ఆగిందో చూద్దాం. యూపీఐలో మనం పిన్ కొట్టాక జరిగేది ఒక పని కాదు, రెండు పనులు. మొదటిది మన బ్యాంకు మన ఖాతాలోంచి డబ్బు తీయడం. రెండోది అవతలివారి బ్యాంకు వాళ్ల ఖాతాలో వేయడం. ఈ రెండు బ్యాంకుల మధ్య కబురు మోసేది ఎన్‌పీసీఐ, అంటే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. అది మొదట మన బ్యాంకును ‘తియ్యి’ అంటుంది. ‘తీశాను’ అని జవాబు రాగానే అవతలి బ్యాంకును ‘వెయ్యి’ అంటుంది. ‘వేశాను’ అని జవాబు వస్తే మన తెరపై పచ్చ టిక్కు పడుతుంది. అంతా కొద్ది సెకన్లలో అయిపోతుంది కాబట్టి ఇన్ని మాటలు నడిచాయని మనకు తెలియదు.

చిక్కు ఎక్కువగా ఆ చివరి జవాబు దగ్గర వస్తుంది. అవతలి బ్యాంకు సర్వరు బిజీగా ఉండో, మరమ్మతులో ఉండో, గడువులోగా జవాబు ఇవ్వలేదనుకోండి. అప్పుడు మధ్యలో ఉన్న ఎన్‌పీసీఐకి ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. డబ్బు ఖాతాలో పడి, ‘వేశాను’ అన్న కబురు ఒక్కటే దారిలో పోయి ఉండొచ్చు. అసలు పడకుండానే ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగిందో ఆ క్షణాన ఆ బ్యాంకు ఒక్కటే తన పుస్తకం చూసి చెప్పగలదు. తొందరపడి మన డబ్బు మనకు తిరిగి ఇచ్చేస్తే, ఒకవేళ అక్కడ కూడా పడి ఉంటే, ఒకే డబ్బు రెండు చోట్ల ఉన్నట్టవుతుంది. అందుకే వెంటనే వెనక్కి ఇవ్వరు.

ఇలాంటి లావాదేవీని ‘జరిగినట్టే భావించి’ లెక్కలోకి తీసుకుంటారు. బ్యాంకుల భాషలో దీన్ని డీమ్డ్ అప్రూవ్డ్ అంటారు. అంటే బ్యాంకుల మధ్య రోజూ జరిగే లెక్కల సర్దుబాటులో ఆ 18,500 అవతలి బ్యాంకు చేతికి వెళ్లిపోతుంది. మనం ‘డబ్బు గాల్లో ఉంది’ అనుకుంటాం గానీ అది గాల్లో ఉండదు. అవతలి బ్యాంకు దగ్గర, ఎవరి ఖాతాలోనూ పడకుండా ఉంటుంది. ఆ బ్యాంకు తన రికార్డులు సరిచూసుకుని రెండింటిలో ఒకటి చేయాలి. ఖాతాలో వేసి, వేశానని ధ్రువీకరణ పంపాలి. దీన్ని టీసీసీ అంటారు. వేయలేకపోతే డబ్బు వెనక్కి పంపాలి. దాన్ని రిటర్న్ అంటారు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, ఫిర్యాదులో పనికొస్తాయి.

యాప్‌లో ‘పెండింగ్’ అనో ‘ప్రాసెసింగ్’ అనో కనిపిస్తే చాలావరకు కథ ఇదే. అదే ‘ఫెయిల్డ్’ అని వచ్చి కూడా డబ్బు కట్ అయి ఉంటే తిరకాసు ఎక్కువగా మన వైపే ఉంటుంది. మన బ్యాంకు డబ్బు తీసింది గానీ ఆ మాట సమయానికి చెప్పలేకపోయింది, లేదా అవతలి బ్యాంకు వేయడం కుదరదని స్పష్టంగానే చెప్పేసింది. ఇవి సాధారణంగా కొద్దిసేపట్లోనో అదే రోజునో వాటంతటవే తిరిగి వచ్చేస్తాయి. పాస్‌బుక్ వేయించుకుంటే ఒకే రోజున ఒక డెబిట్, దాని కింద అదే మొత్తానికి ఒక రివర్సల్ కనిపిస్తాయి.

అక్కను మళ్లీ పంపొద్దన్నది ఇందుకే. పెండింగ్‌లో ఉన్న డబ్బు తిరిగి వస్తుందన్న హామీ లేదు. మర్నాడు అవతలి ఖాతాలోనే పడొచ్చు. అప్పటికే రెండోసారి పంపి ఉంటే 37,000 వెళ్లినట్టు. హాస్టల్ యజమాని మంచివాడైతే వచ్చే నెల అద్దెలో సర్దుతాడు. ముక్కూ మొహం తెలియని వ్యాపారి అయితే? అప్పుడది బ్యాంకు తప్పిదం కిందికి రాదు, మనమే రెండుసార్లు ఇష్టపడి పంపినట్టవుతుంది. అత్యవసరమైతే చేతికి నగదు ఇవ్వండి, లేదా మొదటి చెల్లింపు సంగతి మెసేజ్‌లో రాయించుకుని పంపండి.

ఇక నిబంధన సంగతి. 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరు 15 నుంచి అమల్లో ఉంది. ఏటీఎం, కార్డు, ఐఎంపీఎస్, యూపీఐ, ఇలా ఒక్కో రకం చెల్లింపు విఫలమైతే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి రావాలో, రాకపోతే ఎంత పరిహారం ఇవ్వాలో అందులో ఉంది. యూపీఐ వరకు అందులో రెండు వరుసలు ఉన్నాయి. మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు చేరకపోతే, లావాదేవీ జరిగిన మర్నాటికల్లా అవతలి బ్యాంకు దాన్ని వెనక్కి పంపేయాలి. దుకాణానికి కట్టినప్పుడు మన ఖాతాలో కట్ అయి, దుకాణం వైపు చెల్లింపు ఖరారు కాకపోతే అయిదు రోజులు గడువు. ఆ గడువు దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు ఇవ్వాలి.

ఆ సర్క్యులర్‌లో రెండు చిన్న వాక్యాలు ఉన్నాయి. నా దృష్టిలో అసలు బలమంతా వాటిలోనే ఉంది. ఒకటి, రోజులంటే క్యాలెండర్ రోజులు. లావాదేవీ జరిగిన తేదీ నుంచి లెక్క. మధ్యలో ఆదివారం వచ్చినా, రెండో శనివారం వచ్చినా, పండగ వచ్చినా లెక్క ఆగదు. రెండోది, ఈ పరిహారాన్ని ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా, అడిగేదాకా ఆగకుండా బ్యాంకే తనంతట తాను ఖాతాలో వేయాలి.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది. ఇప్పుడు అక్క బ్యాంకులో ఏం జరిగిందో చూడండి.

అక్క డబ్బు పంపింది శుక్రవారం. మర్నాడు 13వ తేదీ రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. ఆ మర్నాడు ఆదివారం. సోమవారం 15న అక్క పని మానుకుని బ్రాంచికి వెళ్లింది. కౌంటర్లో ఉన్నాయన ఫోన్ తీసుకుని స్క్రీన్ చూసి, ‘మేడమ్, ఇది యూపీఐ. మా చేతిలో ఏమీ ఉండదు. ఏడు పనిదినాలు ఆగండి, అదే వచ్చేస్తుంది. లేకపోతే ఆ యాప్ వాళ్లను అడగండి’ అన్నాడు. ఆయన వెనక క్యూ ఉంది, ఆయన ఒత్తిడి ఆయనది. కానీ ఆయన చెప్పిన రెండు మాటలూ తప్పే. ఏడు పనిదినాలన్న లెక్క యూపీఐకి లేదు. యాప్ వాళ్ల దగ్గర డబ్బు ఉండదు. మనం రోజూ వాడే ఆ యాప్ బ్యాంకు ఖాతాను చూపించే కిటికీ మాత్రమే. డబ్బు తీసింది బ్యాంకు, డబ్బుకు జవాబుదారీ బ్యాంకు. అన్నిటికంటే నష్టం చేసింది ఇంకొకటి. అక్క మాట్లాడి వచ్చిందే గానీ చేతికి ఫిర్యాదు నంబరు రాలేదు. నంబరు లేని ఫిర్యాదు చేయనట్టే లెక్క. రేపు పై మెట్టుకు వెళ్లినప్పుడు ‘మీ ఖాతాదారు మా దగ్గరికి రానే లేదు’ అని బ్యాంకు అంటే మన దగ్గర చూపడానికి ఏమీ ఉండదు.

ఆ సాయంత్రం ఫోన్‌లోనే అక్కతో మొదటి పని చేయించాను. యాప్‌లో చరిత్ర తెరిచి ఆ చెల్లింపు మీద నొక్కితే కింద వివరాలు వస్తాయి. వాటిలో పొడుగాటి అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఒకటి ఉంటుంది, అది ఆ యాప్ సొంతంగా పెట్టుకున్నది. దాంతో బ్యాంకుకు పెద్దగా పనిలేదు. బ్యాంకుకు కావాల్సింది అచ్చంగా పన్నెండు అంకెలు ఉన్న నంబరు. తెరపై దాని పక్కన UTR అనో, RRN అనో, UPI Transaction ID అనో ఉంటుంది. రెండు బ్యాంకుల పుస్తకాల్లోనూ, ఎన్‌పీసీఐ పుస్తకంలోనూ ఆ లావాదేవీకి ఒకటే పేరు, ఆ పన్నెండు అంకెలు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కూడా UPI అన్న మాట పక్కన అవే కనిపిస్తాయి.

ఆ అంకెల్లో చూసి గుర్తుపట్టగల వివరం ఒకటి ఉంది. చాలా యూపీఐ లావాదేవీల్లో మొదటి అంకె ఆ సంవత్సరపు చివరి అంకె, తర్వాతి మూడు అంకెలు ఆ ఏడాదిలో అది ఎన్నో రోజో చెబుతాయి. అక్క నంబరు 5255తో మొదలైంది. 5 అంటే 2025. 255 అంటే జనవరి ఒకటి నుంచి లెక్కపెడితే 255వ రోజు, అంటే సెప్టెంబరు 12. ఫిర్యాదు రాసేటప్పుడు పొరపాటున వేరే రోజు చెల్లింపు నంబరు రాశామేమో చూసుకోవడానికి ఇది పనికొస్తుంది. ఒక్క అంకె తేడా వచ్చినా ‘అలాంటి లావాదేవీ లేదు’ అన్న జవాబుతో ఫిర్యాదు మూసేస్తారు, వారం పోతుంది.

రెండో పని, అదే తెరపై ఉండే సహాయం, లేదా సమస్య తెలపండి అన్న బటన్ నొక్కి ఫిర్యాదు పెట్టడం. యాప్ దగ్గర డబ్బు ఉండదన్నాను కదా, మరి అక్కడ ఎందుకు అనొచ్చు. అక్కడ పెట్టిన ఫిర్యాదు ఎన్‌పీసీఐ ఏర్పాటు చేసిన వ్యవస్థ ద్వారా నేరుగా బ్యాంకులకు వెళుతుంది, లావాదేవీ తాజా స్థితిని తెచ్చి చూపుతుంది. ఇంట్లో కూర్చుని చేసే పని, రెండు నిమిషాలు పడుతుంది, నంబరు వస్తుంది. అక్కకు వచ్చిన జవాబు, ‘అవతలి బ్యాంకు నుంచి ఖరారు రావాల్సి ఉంది’ అని. మనకు కావాల్సిన సమాచారం అదే. డబ్బు ఎటువైపు ఆగిందో తేలింది.

మూడో పని ఆ వైపు వాళ్లతో. హాస్టల్ యజమానిని ఒక మాట అడగమన్నాను. ‘మెసేజ్ రాలేదు’ అంటున్నారా, ‘స్టేట్‌మెంట్‌లో లేదు’ అంటున్నారా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మెసేజ్‌లు తప్పిపోతుంటాయి. అంతకంటే ఎక్కువగా జరిగేది ఏమిటంటే, ఒకే ఫోన్ నంబరుకు రెండు మూడు బ్యాంకు ఖాతాలు కలిపి ఉంటాయి. మనం నంబరుకు పంపిన డబ్బు ఆయన ఏ ఖాతాను ముఖ్య ఖాతాగా పెట్టుకున్నాడో దానిలో పడుతుంది. ఆయన చూసేది ఇంకో ఖాతా. యాప్‌లో మనకు పచ్చ టిక్కుతో ‘సక్సెస్’ అని ఉండి, అవతలివారు రాలేదంటున్నప్పుడు ముందుగా అనుమానించాల్సింది దీన్నే. అప్పుడు వాళ్లకు ఆ పన్నెండు అంకెలు పంపి, నంబరుకు కలిపిన ఖాతాలన్నిటి స్టేట్‌మెంట్లూ ఆ తేదీకి చూడమనాలి. హాస్టల్ యజమాని తన రెండు ఖాతాలూ చూసి, ఫొటో తీసి పంపాడు. 12, 13 తేదీల్లో 18,500 ఎక్కడా లేదు. ఆ ఫొటో మాకు తర్వాత పనికొచ్చింది.

అప్పటికి గురువారం, 18వ తేదీ. డబ్బు ఇంకా రాలేదు. అక్కతో బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించాను. ఉత్తరం ఇలా రాశాం:

‘నా సేవింగ్స్ ఖాతా నుంచి 12-09-2025 రాత్రి 7.42కి యూపీఐ ద్వారా రూ.18,500 డెబిట్ అయింది. 12 అంకెల లావాదేవీ నంబరు పైన రాశాను. ఇది వ్యక్తికి పంపిన డబ్బు. గ్రహీత ఖాతాలో జమ కాలేదు, వారి స్టేట్‌మెంట్ ప్రతి జతచేశాను. 15వ తేదీన యాప్‌లో పెట్టిన ఫిర్యాదు నంబరు కూడా రాశాను. ఈ లావాదేవీపై గ్రహీత బ్యాంకు టీసీసీ ఇచ్చిందా, రిటర్న్ పంపిందా, ఏ తేదీన అన్నది రాతపూర్వకంగా తెలియజేయగలరు. రిజర్వ్ బ్యాంక్ 20-09-2019 సర్క్యులర్ ప్రకారం 13-09-2025 నాటికి నా డబ్బు తిరిగి రావాలి. ఆ తర్వాతి ప్రతి రోజుకూ రూ.100 పరిహారంతో సహా నా ఖాతాలో జమచేయగలరు.’

ఇంతే. అర పేజీ. ఈ ఉత్తరంలో కోపం లేదు, బతిమాలడమూ లేదు. ఇందులో పని చేసేది ‘టీసీసీ ఇచ్చిందా, రిటర్న్ పంపిందా’ అన్న ప్రశ్న. ‘నా డబ్బు ఎక్కడ?’ అని అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అని ఎవరైనా చెప్పగలరు. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు కంప్యూటర్‌లో ఆ పన్నెండు అంకెలు కొట్టి చూడక తప్పదు. అవతలి బ్యాంకు ధ్రువీకరణ ఇచ్చి ఉంటే, డబ్బు ఫలానా ఖాతాలో ఫలానా రోజున పడిందని తేలుతుంది, అవతలివారు తమ బ్యాంకును నిలదీయొచ్చు. రెండూ చేయలేదంటే అవతలి బ్యాంకు మీద క్లెయిమ్ వేయడం మన బ్యాంకు పని. దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. మన బదులు మన బ్యాంకే వేస్తుంది, మనం అవతలి బ్యాంకు చుట్టూ తిరగనక్కర్లేదు. ఆ బ్యాంకులో మనకు ఖాతానే లేదు, వాళ్లు మనతో మాట్లాడాల్సిన పనీ లేదు.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. ముద్ర వేయడానికి తటపటాయిస్తే అదే ఉత్తరాన్ని బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల పేజీలో పెట్టండి, లేదా అక్కడే ఇచ్చిన ఈమెయిల్‌కు పంపండి. వెంటనే నంబరు వస్తుంది. అక్క రెండూ చేసింది. కౌంటర్లో అదే ఉద్యోగి ఈసారి ఉత్తరం మొత్తం చదివి, లోపలికి తీసుకెళ్లి, అయిదు నిమిషాల్లో ఫిర్యాదు నంబరు రాసి ఇచ్చాడు.

24వ తేదీ బుధవారం ఉదయం 18,500 తిరిగి ఖాతాలో పడింది. పరిహారం పడలేదు. అక్క ‘పోనీలేరా, అసలు వచ్చింది చాలు’ అంది. నేను ఒప్పుకోలేదు. లెక్క వేద్దాం. లావాదేవీ 12న. 13తో గడువు అయిపోయింది. 14 నుంచి డబ్బు వచ్చిన 24 దాకా పదకొండు రోజులు. రోజుకు 100 చొప్పున 1,100 రూపాయలు. అదే ఫిర్యాదు నంబరు ఉటంకిస్తూ మూడు వాక్యాల ఈమెయిల్ పంపించాం. వారం తిరక్కముందే 1,100 జమ అయింది. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండానే ఇవ్వాల్సినది అడిగితే గానీ రాలేదు. అడగని వాళ్ల సంగతి ఏమిటన్న ప్రశ్న నన్ను అప్పటి నుంచీ తొలుస్తూనే ఉంది. మర్నాడు రావాల్సిన డబ్బు రాక కూలి చెల్లించలేకపోయిన మేస్త్రీకి, మందులు కొనలేకపోయిన ముసలాయనకు ఆ వంద రూపాయలు దయాధర్మం కావు, హక్కు.

ఇక్కడ ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ నిబంధన వర్తించేది వ్యవస్థలో లోపం వల్ల డబ్బు చేరనప్పుడే. మనమే నంబరు తప్పు కొట్టి వేరెవరికో పంపితే, డబ్బు చేరింది కదా, చేరాల్సిన వారికి కాకపోయినా. అది వేరే ఫిర్యాదు. వెంటనే బ్యాంకుకు చెప్పాలి, కానీ అందుకున్న వ్యక్తి ఒప్పుకుంటే గానీ వెనక్కి రావడం కష్టం, రోజుకు వంద అన్న లెక్క దానికి లేదు. మోసపోయి పంపితే అది మూడో దారి. ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఇక దుకాణాల్లో ఒక తికమక ఉంది. కొందరు చిన్న వ్యాపారులు సొంత ఖాతా క్యూఆర్ కోడ్‌నే గోడకు అంటించుకుంటారు. అలాంటప్పుడు మనం కట్టింది దుకాణంలోనైనా లావాదేవీ మనిషి నుంచి మనిషికి జరిగినదే, గడువు అయిదు రోజులు కాదు, ఒక్క రోజే. ఏ రకమో తేలకపోతే ఫిర్యాదులో బ్యాంకునే చెప్పమనండి.

బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. cms.rbi.org.in అన్న వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేసిన రుజువు మాత్రం తప్పనిసరి, అది లేకపోతే అక్కడ మొదటి గడపలోనే తిప్పి పంపేస్తారు. అందుకే ఆ ముద్ర, ఆ నంబరు అంత ముఖ్యం. ఎలా నింపాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనూ చెబుతారు. మా అక్క అంతదాకా వెళ్లాల్సిన అవసరం రాలేదు. బ్యాంకు వ్యవహారం అక్కడిదాకా వెళ్లడానికి ఇష్టపడదు కాబట్టి, ఉత్తరంలో తేదీలూ సర్క్యులరూ స్పష్టంగా ఉంటే చాలావరకు కిందే తేలిపోతుంది.

ఈ పన్నెండు రోజుల్లో నేను నిజంగా భయపడింది ఒక్కసారే. మంగళవారం 16న అక్క నెట్‌లో బ్యాంకు కస్టమర్ కేర్ అని వెతికి, పైన కనిపించిన నంబరుకు ఫోన్ చేసింది. అవతల తేనెలాంటి తెలుగు. ‘మేడమ్, మీ 18,500 మా దగ్గర హోల్డ్‌లో కనిపిస్తోంది. ఒక చిన్న యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, రీఫండ్ రిక్వెస్ట్ పంపుతాను, పిన్ కొడితే వచ్చేస్తుంది’ అన్నాడట. మొత్తం ఎంతో అక్కే ముందు చెప్పిందని ఆమెకు తట్టలేదు. పిన్ అన్న మాట వినగానే మాత్రం అనుమానం వచ్చి ఫోన్ పెట్టేసింది. డబ్బు పోయిన బాధలో ఉన్న మనిషి ఎవరు సాయం చేస్తానన్నా నమ్ముతుంది. ఆ దొంగలు కాచుకుని ఉండేది ఆ బాధ కోసమే. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదా బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు అందుకోవడానికి పిన్‌తో పనే లేదు. తిరిగి రావాల్సిన డబ్బు మనం ఏమీ నొక్కకుండానే వస్తుంది. బ్యాంకు నంబరు కావాలంటే పాస్‌బుక్ మీదో, డెబిట్ కార్డు వెనకో చూడండి. నెట్‌లో వెతకొద్దు.

అక్క ఇప్పుడు ఒక పని అలవాటు చేసుకుంది. పెద్ద మొత్తం పంపినప్పుడల్లా ఆ పన్నెండు అంకెలు కనిపించే తెరను ఫొటో తీసి పెట్టుకుంటుంది. మీరు ఈ పత్రిక పక్కన పెట్టేలోపు మీ ఫోన్‌లో పాత చెల్లింపు ఒకటి తెరిచి, ఆ నంబరు మీ యాప్‌లో ఎక్కడ ఉందో ఒకసారి చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల ఫోన్‌లో కూడా చూపించండి.